ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో రింగ్: ఆర్‌ఎస్‌టీపీనా, ఎంఆర్‌పీనా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఉంటూ చుట్టుపక్కల రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, పంప్ హౌసుల్లో పీఎల్‌సీ, నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. స్విచ్‌లను వరసగా కలిపి, చివరిదాన్ని మళ్లీ మొదటిదానికి తగిలిస్తే అది రింగ్. దాని గురించి వచ్చే ఫోన్లలో సగం అవే ప్రశ్నలు, మనుషులే వేరు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాసి జవాబులు పెట్టాను. మొదటి నుంచి చదవాల్సిన పని లేదు, మీ పని ఏ దశలో ఉందో అక్కడికి వెళ్లిపోండి.

## ఇంకా నిర్ణయం తీసుకోనప్పుడు

రెండు చివరలు కలిపితే లూప్ అవుతుంది కదా, నెట్‌వర్క్ పడిపోదా?

మామూలు స్విచ్‌లతో అయితే పడిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క ఏమీ లేదు. ఒక బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ రింగ్‌లోకి వెళ్తే గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, కొత్తవి వచ్చి చేరుతూనే ఉంటాయి, కొద్దిసేపట్లో లైన్ నిండిపోతుంది. అందుకని రింగ్‌లో ఎక్కడో ఒక చోట ఒక పోర్టును కావాలని మూసి ఉంచాలి. వైరు ఉంటుంది, లింక్ లైటు వెలుగుతుంది, కానీ డేటా పోదు. ఎక్కడైనా కేబుల్ తెగితే ఆ మూసిన పోర్టు తెరుచుకుని డేటా రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. ఏ పోర్టు మూయాలి, ఎప్పుడు తెరవాలి అనేది చూసుకునేదే రిడండెన్సీ ప్రోటోకాల్.

ఆర్‌ఎస్‌టీపీ, ఎంఆర్‌పీ రెండూ చేసేది అదే కదా, అసలు తేడా ఎక్కడ?

ముందే ఒక మాట: ఆర్‌ఎస్‌టీపీ అంటే రాపిడ్ స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. ఇక్కడ ఎంఆర్‌పీ అంటే బిస్కెట్ ప్యాకెట్ మీద ధర కాదు, మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్. మొదటిసారి కొటేషన్‌లో ఆ మాట చూసి ఒక ఓనర్ "జీఎస్టీ కలిపా, కలపకుండానా?" అని అడిగాడు.

అసలు తేడా, తెగిందన్న సంగతి వాటికి ఎలా తెలుస్తుందన్న దాంట్లో ఉంది. ఎంఆర్‌పీలో ఒక స్విచ్ మేనేజర్, మిగతావన్నీ క్లయింట్లు. మేనేజర్ తన రెండు రింగ్ పోర్టుల నుంచీ చిన్న టెస్ట్ ఫ్రేములు పంపుతూ ఉంటుంది. అవి చుట్టూ తిరిగి తన దగ్గరికి వస్తే రింగ్ బాగున్నట్టు. రాకపోతే ఎక్కడో తెగినట్టు. రాత్రి కాపలాదారు గోదాం చుట్టూ తిరిగివచ్చి "అంతా బాగుంది" అని చెప్పడం లాంటిది. ఎక్కడ తెగింది, ఎలా తెగింది అన్నది మేనేజర్‌కు అక్కర్లేదు.

ఆర్‌ఎస్‌టీపీలో అలాంటి కాపలా లేదు. ప్రతి స్విచ్ తన పక్క స్విచ్‌తో మాత్రమే మాట్లాడుతుంది. లింక్ పడిపోయిందని హార్డ్‌వేర్ చెబితే వెంటనే కదులుతుంది. హార్డ్‌వేర్ చెప్పకపోతే పక్కవాడి హలో కోసం ఎదురుచూస్తుంది. హలో మామూలుగా 2 సెకన్లకు ఒకసారి, వరసగా మూడు రాకపోతే గానీ అనుమానం రాదు. అంటే 6 సెకన్లు. లింక్ లైటు ఆరకుండా దారి తెగే సందర్భాలు ఫ్యాక్టరీల్లో చాలా ఉంటాయి. రెంటికీ తేడా అక్కడే బయటపడుతుంది.

'రాపిడ్' అని పేరులోనే ఉంది కదా, మరి ఆర్‌ఎస్‌టీపీ ఎంత వేగం?

పాత ఎస్‌టీపీతో పోలిస్తే రాపిడ్. పాతదానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో 802.1w గా వచ్చిన ఆర్‌ఎస్‌టీపీ టైమర్ల కోసం కూర్చోకుండా, పక్క స్విచ్‌తో ప్రతిపాదన, ఒప్పందం జరుపుకుని పోర్టు తెరుస్తుంది. లింక్ పడిపోయిందని వెంటనే తెలిసిన మంచి రింగ్‌లో ఒక్కో స్విచ్ దగ్గర కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది.

చిక్కు ఏమిటంటే ఈ సమయం ఇంత అని ముందే రాసివ్వలేం. స్విచ్‌ల సంఖ్యను బట్టి, స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను బట్టి, తెగిన చోటును బట్టి మారుతుంది. దారుల లెక్కకు మిగతావన్నీ కేంద్రంగా తీసుకునే స్విచ్‌ను రూట్ అంటారు, అది పూర్తిగా పోతే మరీ కష్టం. పోయిన రూట్ గురించిన పాత సమాచారం రింగ్‌లో కాసేపు తిరుగుతుంది, ఒక స్విచ్ "నా దగ్గర దారి ఉంది" అంటే ఇంకోటి నమ్ముతుంది. అప్పుడు సెకన్లు కూడా పట్టొచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌లో అది ఎవరికీ తెలియదు. పీఎల్‌సీకి తెలుస్తుంది.

ఎంఆర్‌పీకి 200 మిల్లీసెకన్లు అంటారు. ప్రతిసారీ అంత పడుతుందా?

లేదు, అది గరిష్ఠ హద్దు. ఐఈసీ 62439-2 లో 500, 200, 30, 10 మిల్లీసెకన్ల ప్రొఫైళ్లు ఉన్నాయి. మార్కెట్లో ఎక్కువగా దొరికేది 200. అందులో మేనేజర్ 20 మిల్లీసెకన్లకు ఒకసారి టెస్ట్ ఫ్రేమ్ పంపుతుంది, వరసగా మూడు తిరిగి రాకపోతే రింగ్ తెగిందని లెక్క. అంటే 60 మిల్లీసెకన్ల దగ్గర సంగతి తెలిసిపోతుంది. తర్వాత అది తన మూసిన పోర్టు తెరిచి, "మీ అడ్రసు పట్టికలు చెరిపేయండి" అని క్లయింట్లకు చెబుతుంది. తెగిన చోట ఉన్న క్లయింట్‌కు లింక్ పడిపోయిందని తెలిస్తే అది తనంతట తానే మేనేజర్‌కు కబురు పంపుతుంది, అప్పుడు ఇంకా త్వరగా అవుతుంది.

ఆ పట్టిక చెరపడం చిన్న విషయం కాదు. ఏ మిషన్ ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది, ఆ గుర్తు సాధారణంగా 300 సెకన్లు ఉంటుంది. దారి మారినా పట్టిక చెరపకపోతే, ఆ మిషన్ తనంతట తాను ఏదైనా పంపేదాకా స్విచ్ తెగిన వైపుకే డేటా తోస్తూ ఉంటుంది.

ఇంతకీ ఏది పెట్టుకోవాలి? ఒక్క మాటలో చెప్పండి సార్.

రింగ్ మీదుగా పీఎల్‌సీకి, రిమోట్ ఐఓకు, డ్రైవ్‌లకు మధ్య డేటా పోతుంటే ఎంఆర్‌పీ. రింగ్ మీద కెమెరాలు, కాంటా కంప్యూటర్, స్కాడా స్క్రీన్లు మాత్రమే ఉంటే ఆర్‌ఎస్‌టీపీ చాలు. నెట్‌వర్క్ ఆకారం రింగ్ కాకుండా అడ్డదిడ్డంగా కలిపి ఉన్నా ఆర్‌ఎస్‌టీపీయే దిక్కు, ఎందుకంటే ఎంఆర్‌పీకి రింగ్ తప్ప వేరే ఆకారం తెలియదు.

అసలు ఒక్క ఫ్రేమ్ కూడా పోకూడదంటే?

అప్పుడు ఈ రెండూ పనికిరావు. ఐఈసీ 62439-3 లోని పీఆర్‌పీ, హెచ్‌ఎస్‌ఆర్ చూడాలి. వాటిలో ప్రతి ఫ్రేమ్‌ను రెండు దారుల్లోనూ పంపుతారు, ముందు వచ్చింది తీసుకుని రెండోది పారేస్తారు. కరెంటు సబ్‌స్టేషన్లలో వాడేది అందుకే. రైస్ మిల్లుకు ఆ ఖర్చు అనవసరం.

## డిజైన్, కొనుగోలు దశలో

రింగ్‌లో ఎన్ని స్విచ్‌లు పెట్టొచ్చు?

ఎంఆర్‌పీ ఒక రింగ్‌లో 50 దాకా ఒప్పుకుంటుంది. ఆర్‌ఎస్‌టీపీలో లెక్క వేరు. రూట్ నుంచి బయల్దేరిన సమాచారం ఒక్కో స్విచ్ దాటినప్పుడల్లా దాని వయసు ఒకటి పెరుగుతుంది. మ్యాక్స్ ఏజ్ దాటితే దాన్ని పారేస్తారు. మామూలు సెట్టింగ్ 20. రింగ్ బాగున్నప్పుడు సమాచారం రెండు వైపుల నుంచీ సగం సగం దూరం పోతుంది కాబట్టి 30 స్విచ్‌లున్నా ఇబ్బంది కనిపించదు. రూట్ పక్కనే కేబుల్ తెగిన రోజు అదే సమాచారం చుట్టూ మొత్తం తిరగాల్సి వస్తుంది, చివరి స్విచ్‌లకు అందదు. అందుకే 20 దాటితే మ్యాక్స్ ఏజ్ పెంచాలి. గరిష్ఠం 40, దానికి తగ్గట్టు ఫార్వర్డ్ డిలే 21 పెట్టాలి, లేకపోతే స్విచ్ ఒప్పుకోదు.

మధ్యలో ఒక చోట మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ పెడితే నడుస్తుందా?

నడిచినట్టే ఉంటుంది, అదే ప్రమాదం.

ఎంఆర్‌పీ రింగ్‌లో అయితే టెస్ట్ ఫ్రేములు దాని గుండా దాటిపోతాయి, మేనేజర్‌కు రింగ్ బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ ఎక్కడైనా తెగినప్పుడు "పట్టిక చెరుపు" అన్న మాట ఆ స్విచ్‌కు అర్థం కాదు. మిగతా రింగ్ అంతా 200 మిల్లీసెకన్ల లోపు కోలుకుంటుంది, దాని గుండా పోయే డేటా మాత్రం 300 సెకన్ల దాకా తప్పు దారిలో పోవచ్చు. "అన్నీ వచ్చాయి, ఆ ఒక్క ఎలివేటర్ ప్యానెల్ మాత్రం ఐదు నిమిషాల తర్వాత దానంతట అదే వచ్చింది" అని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి.

ఆర్‌ఎస్‌టీపీలో ఇంకా ఘోరం. అది పంపే హలో ఫ్రేములను బీపీడీయూలు అంటారు, అవి పోయే అడ్రసుకు వచ్చిన ఫ్రేమును స్విచ్ ముందుకు పంపకూడదని నియమం. కొన్ని చౌక స్విచ్‌లు నియమం తెలియక పంపేస్తాయి, కొన్ని నియమం పాటించి ఆపేస్తాయి. ఆపేసే రకం తగిలిందనుకోండి, రెండు వైపులా ఉన్న స్విచ్‌లకు అక్కడ లూప్ ఉన్న సంగతే తెలియదు, పోర్టులు తెరిచి ఉంచుతాయి. ఏ పోర్టూ మూసుకోలేదు కాబట్టి నెట్‌వర్క్ మొత్తం కూర్చుండిపోతుంది. రింగ్‌లో ఉండే ప్రతి పెట్టెకూ ఆ ప్రోటోకాల్ రావాలి. రానిదాన్ని ఒక రింగ్ స్విచ్‌కు కొమ్మలా తగిలించండి.

ఫైబర్ కోసం మీడియా కన్వర్టర్లు వాడొచ్చా? ఫైబర్ నేరుగా తగిలే ఎస్‌ఎఫ్‌పీ స్విచ్ రేటు ఎక్కువ ఉంది.

డబ్బు మిగులుతుంది, కానీ అది ఎక్కడ తగులుతుందో ఒక మిల్లులో చూశాను. పేరు వద్దు, హన్మకొండ దాటాక వచ్చే ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. వడ్లు దించే చోటు నుంచి నానబెట్టే ట్యాంకులు, బాయిలర్, డ్రయ్యర్లు, మిల్లింగ్, ప్యాకింగ్ దాకా 11 స్విచ్‌లతో ఆర్‌ఎస్‌టీపీ రింగ్. బాయిలర్‌కు, డ్రయ్యర్‌కు మధ్య దూరం ఎక్కువని అక్కడ ఒక్క చోట ఫైబర్ వేసి, రెండు చివర్లా కన్వర్టర్లు పెట్టారు. స్విచ్‌కు, కన్వర్టర్‌కు మధ్య రాగి ప్యాచ్ కార్డు.

యాసంగి వడ్లు జోరుగా వస్తున్న రోజుల్లో పందికొక్కు ఆ ఫైబర్ కొరికేసింది. ఫైబర్ చచ్చిపోయింది, కానీ కన్వర్టర్లకు కరెంటు ఉంది, రాగి వైపు లింక్ లైటు వెలుగుతూనే ఉంది. బాయిలర్ దగ్గరి స్విచ్‌కు గానీ డ్రయ్యర్ దగ్గరి స్విచ్‌కు గానీ ఏమీ జరిగినట్టు తెలియలేదు. మూడు హలోలు పోయి 6 సెకన్లు గడిచాక డ్రయ్యర్ వైపు స్విచ్ రెండో దారి పట్టింది. ఆ 6 సెకన్లలో పీఎల్‌సీ డ్రయ్యర్ ఐఓ పోయిందని ఎలివేటర్లు ఆపేసింది. తర్వాత కమ్యూనికేషన్ దానంతట అదే వచ్చేసింది. ఆపరేటర్ ఫాల్ట్ రీసెట్ కొట్టి మళ్లీ నడిపాడు, "ఏదో షేక్ అయింది" అనుకున్నారు. మూడు వారాల తర్వాత మిల్లింగ్ దగ్గర స్విచ్ పవర్ సప్లై పోయింది. ఈసారి రెండో దారి లేదు, ఎందుకంటే మొదటిది మూడు వారాల కిందే తెగి ఉంది. ఆవిరి పట్టిన వడ్లు డ్రయ్యర్‌లో ఇరుక్కుపోయాయి. నాకు ఫోన్ వచ్చింది అప్పుడు.

అదే చోట ఎంఆర్‌పీ ఉండి ఉంటే లింక్ లైటుతో పని లేదు. టెస్ట్ ఫ్రేములు తిరిగి రాకపోవడంతోనే 60 మిల్లీసెకన్ల దగ్గర మేనేజర్ కదిలేది. తర్వాత అక్కడ ఎంఆర్‌పీకి మార్చాం, కన్వర్టర్లు తీసి ఎస్‌ఎఫ్‌పీ పోర్టులున్న స్విచ్‌లు పెట్టాం. కన్వర్టర్లే వాడక తప్పకపోతే, ఫైబర్ పోగానే రాగి లింక్‌ను కూడా పడేసే సౌకర్యం ఉన్నవి కొనండి. డేటాషీట్లో దాన్ని `Link Fault Pass-through` అని రాస్తారు. కొన్నింటిలో అది డిప్ స్విచ్‌తో ఆన్ చేయాలి, పెట్టెలోంచి తీసినప్పుడు ఆఫ్‌లో ఉంటుంది.

గిగాబిట్ కాపర్ పోర్టులు ఉన్నాయి కదా, రింగ్ ఇంకా వేగంగా కోలుకుంటుందా?

అందరూ అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి కాపర్ మీద గిగాబిట్ లింక్ పోయిందని ప్రకటించడానికి హార్డ్‌వేర్‌కే ఒక వైపు 350, రెండో వైపు 750 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. అది ఆ స్టాండర్డ్‌లోనే ఉంది. ఆర్‌ఎస్‌టీపీ లింక్ సంగతి మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ ఆలస్యం మొత్తం దాని లెక్కలో పడుతుంది. ఐఓ డేటాకు 100 ఎంబీపీఎస్ బాగా సరిపోతుంది. రింగ్ పోర్టులను 100 ఫుల్ డ్యూప్లెక్స్‌కు మార్చండి, లేదా ఫైబర్ వేయండి.

మారిస్తే రెండు వైపులా మార్చాలి. ఒక వైపు ఫిక్స్ చేసి రెండో వైపు ఆటోలో వదిలితే అటు హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగుతుంది. హాఫ్ డ్యూప్లెక్స్ లింక్ మీద ఆర్‌ఎస్‌టీపీ ఒప్పందం జరగదు, టైమర్లకు దిగి 30 సెకన్లు తీసుకుంటుంది.

వెళ్లే కేబుల్, వచ్చే కేబుల్ ఒకే ట్రేలో వేయొచ్చా?

వేయొచ్చు, కానీ దాన్ని రింగ్ అనకండి. ఒకే ఫైబర్ కేబుల్‌లో రెండు కోర్లు వెళ్లడానికి, రెండు కోర్లు రావడానికి వాడిన చోట్లు చాలా చూశాను. జేసీబీ గుంత తీసేటప్పుడు ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. రెండు తెగితే రింగ్ రెండు ముక్కలవుతుంది, ఏ ప్రోటోకాలూ కాపాడదు. ఒకటి షెడ్డు లోపల ట్రేలో, ఒకటి బయట గోడ వెంబడి వేయండి. స్విచ్‌లన్నింటికీ ఒకే 24 వోల్టుల సప్లై పెట్టినా ఇదే కథ.

## కన్ఫిగర్ చేసేటప్పుడు

ఎంఆర్‌పీ రింగ్‌ను ఏ వరసలో ఆన్ చేయాలి?

ఒక కేబుల్ పీకి పక్కన పెట్టి మొదలుపెట్టండి. రింగ్ ఇప్పుడు గీతలా ఉంటుంది, లూప్ భయం లేదు. ఒక్కో స్విచ్‌లో ఏ రెండు పోర్టులు రింగ్ పోర్టులో చెప్పండి, పాత్ర క్లయింట్ అని పెట్టండి, ఆ రెండు పోర్టుల మీద ఆర్‌ఎస్‌టీపీ ఆఫ్ చేయండి. ఒక్క స్విచ్‌ను మాత్రం మేనేజర్ చేయండి. అన్నింట్లో సేవ్ కొట్టండి. సేవ్ మరిచిపోయిన స్విచ్ కరెంటు పోయి వచ్చాక మామూలు స్విచ్ అయిపోతుంది.

ఇప్పుడు మేనేజర్ పేజీలో రింగ్ తెగి ఉన్నట్టు చూపించాలి. అది చూశాకే పీకిన కేబుల్ పెట్టండి. స్థితి మూసిన రింగ్‌గా మారాలి, మేనేజర్ పోర్టుల్లో ఒకటి బ్లాక్ అయినట్టు కనిపించాలి. మారకపోతే కేబుల్ వెంటనే పీకేసి, ఏ క్లయింట్‌లో పోర్టు నంబర్ తప్పు పడిందో వెతకండి.

మేనేజర్ ఏ స్విచ్ కావాలి? రెండు పెడితే సేఫ్ కదా?

రెండు పెట్టకండి. రెండు మేనేజర్లు రెండు చోట్ల పోర్టు మూస్తే మధ్యలో ఉన్న స్విచ్‌లు విడిపోతాయి. ఒక రింగ్‌కు ఒక్క మేనేజరే. కొన్ని కంపెనీల స్విచ్‌లలో ఆటో మేనేజర్ పాత్ర ఉంటుంది. అప్పుడు వాటిలో వాటికే పోటీ జరిగి ఒకటి మేనేజర్ అవుతుంది, అది పోతే ఇంకోటి తీసుకుంటుంది. అది పరవాలేదు.

చోటు సంగతికొస్తే, కంట్రోల్ రూమ్‌లో యూపీఎస్ మీద ఉన్నదాన్ని చేయండి. రింగ్ స్థితి చూడటానికి ఊక దుమ్ములో ప్యానెల్ దాకా నడవాల్సిన పని ఉండదు.

ఆర్‌ఎస్‌టీపీలో రూట్ ఎక్కడ పెట్టాలి?

ఏమీ పెట్టకపోతే అన్నింటికీ ప్రయారిటీ 32768 ఉంటుంది, అందులో చిన్న మ్యాక్ అడ్రసు ఉన్నది రూట్ అవుతుంది. అంటే తరచుగా మీ దగ్గరున్న అన్నిటికంటే పాత స్విచ్. కంట్రోల్ రూమ్ స్విచ్‌కు 4096, దాని పక్కదానికి 8192 ఇవ్వండి. మిషన్లకు వెళ్లే పోర్టులన్నీ ఎడ్జ్ పోర్టులు చేయండి. లేకపోతే డ్రైవ్‌కు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆ పోర్టు 30 సెకన్లు ఆలోచిస్తుంది.

ఎంఆర్‌పీ పెట్టాక కూడా కేబుల్ పీకితే పీఎల్‌సీ ఫాల్ట్ వస్తోంది. ఎందుకు?

పది ఫోన్లలో ఐదు ఇదే. ప్రోటోకాల్ తన పని తాను చేస్తుంది, కానీ పీఎల్‌సీ అంతసేపు ఆగడం లేదు.

ప్రొఫినెట్‌లో చూద్దాం. పీఎల్‌సీ, ఐఓ మధ్య డేటా కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుంది, దాన్ని అప్‌డేట్ టైమ్ అంటారు. వరసగా ఇన్నిసార్లు డేటా రాకపోతే ఆ ఐఓ పోయినట్టు లెక్క, అది వాచ్‌డాగ్. సాఫ్ట్‌వేర్ తనంతట తాను 2 మిల్లీసెకన్లు, మూడుసార్లు అని పెట్టిందనుకోండి, 6 మిల్లీసెకన్లకే ఫాల్ట్. రింగ్‌కు 200 దాకా అవసరం. 6 ఎక్కడ, 200 ఎక్కడ?

కాబట్టి వాచ్‌డాగ్ 200 కంటే ఎక్కువ ఉండాలి. డ్రయ్యర్ ఐఓకు 16 మిల్లీసెకన్ల అప్‌డేట్ టైమ్, 16 సార్లు అని పెట్టాం, 256 మిల్లీసెకన్లు అయింది. అప్‌డేట్ టైమ్ 2 లోనే ఉంచి 128 సార్లు అన్నా అదే 256 వస్తుంది, కానీ నెట్‌వర్క్ మీద అనవసరపు బరువు. డ్రయ్యర్ ఉష్ణోగ్రత, ఎలివేటర్ మోటారు స్థితి 2 మిల్లీసెకన్లకు ఒకసారి తెలుసుకుని ఎవరూ చేసేది ఏమీ లేదు.

రెండు చోట్ల మాత్రం చేయి పెట్టేముందు ఆలోచించండి. ఒకటి సేఫ్టీ. ఎమర్జెన్సీ స్టాప్ నెట్‌వర్క్ మీదుగా పోతుంటే దాని వాచ్‌డాగ్ కూడా పెంచాలి, లేకపోతే కేబుల్ పీకినప్పుడు అదే ఆపేస్తుంది. పెంచితే బటన్ నొక్కినప్పటి నుంచి మిషన్ ఆగేదాకా పట్టే గరిష్ఠ సమయం కూడా పెరుగుతుంది. ఆ లెక్క మళ్లీ వేసి, సేఫ్టీ చూసేవాళ్ల సంతకం తీసుకోకుండా మార్చకండి. రెండోది ప్యాకింగ్ మిషన్ లాంటి సర్వో యంత్రాలు. వాటికి పావు సెకను చాలా ఎక్కువ. వాటి కంట్రోలర్‌ను మిషన్ దగ్గరే ఉంచి, రింగ్ మీదుగా "మొదలుపెట్టు, ఆపు, ఎన్ని బస్తాలు" అన్నవి మాత్రమే పంపండి.

రెండూ కలిపి ఆన్ చేస్తే డబుల్ సేఫ్టీ కదా?

కాదు. ఒకే పోర్టును రెండు ప్రోటోకాళ్లు ఇటు లాగి అటు లాగితే, ఒకటి తెరిచినదాన్ని ఇంకోటి మూస్తుంది. రింగ్ పోర్టుల మీద ఎంఆర్‌పీ ఒక్కటే ఉండాలి. అదే స్విచ్‌లోని మిగతా పోర్టుల మీద ఆర్‌ఎస్‌టీపీ ఉండొచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపాలంటే ఒక్క కేబుల్‌తో కలపండి. రెండు కేబుళ్లు కావాలంటే స్విచ్ కంపెనీ ఇచ్చే రింగ్ కప్లింగ్ సౌకర్యం వాడాలి, ఊరికే రెండో వైరు గుచ్చకూడదు.

## టెస్ట్ చేసేటప్పుడు

నిజంగా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఎలా కొలవాలి?

లినక్స్ లాప్‌టాప్‌ను కంట్రోల్ రూమ్ స్విచ్‌కు తగిలించి, రింగ్‌కు అవతలి వైపున్న ఒక ఐఓను 10 మిల్లీసెకన్లకు ఒకసారి పింగ్ చేయండి:

```
sudo ping -i 0.01 -c 3000 192.168.10.41
```

ఇది 30 సెకన్లు నడుస్తుంది. మధ్యలో కేబుల్ పీకండి. చివర్లో ఎన్ని పోయాయో చెబుతుంది, దాన్ని 10తో గుణించండి. 7 పోతే దాదాపు 70 మిల్లీసెకన్లు. ఒక్కటీ పోకపోతే సంబరపడకండి, మీరు పీకిన కేబుల్ మీదుగా ఆ పింగ్ పోవడం లేదేమో చూడండి.

ఒక్క చోట పీకి సరిపెట్టకండి. మేనేజర్ పక్కన ఒకసారి, దానికి ఎదురుగా చివర్లో ఒకసారి. తర్వాత మధ్యలో ఒక స్విచ్ కరెంటు తీయండి. ఆర్‌ఎస్‌టీపీ అయితే రూట్ కరెంటు తప్పకుండా తీసి చూడాలి, అసలు రంగు అప్పుడే తెలుస్తుంది. కన్వర్టర్లు ఉంటే రాగి ప్యాచ్ కాదు, ఫైబర్ వైపు పీకండి. తిరిగి పెట్టినప్పుడు కూడా కొలవండి. కేబుల్ బాగుచేసి పెట్టే క్షణంలో కూడా దారి మళ్లీ మారుతుంది. చాలామంది పీకడం టెస్ట్ చేసి, పెట్టడం మరిచిపోతారు.

రింగ్‌లో ఏ ప్రోటోకాల్ నడుస్తోందో బయటి నుంచి తెలుసుకోవచ్చా?

వైర్‌షార్క్ ఉంటే ఒక్క నిమిషం పని. రింగ్ పోర్టును మిర్రర్ చేసి ఈ ఫిల్టర్లు వేయండి. మొదటిది ఎంఆర్‌పీకి, రెండోది ఆర్‌ఎస్‌టీపీకి:

```
eth.type == 0x88e3
stp
```

రెండూ ఒకే రింగ్ పోర్టు మీద కనిపిస్తే ఎవరో ఆర్‌ఎస్‌టీపీ ఆఫ్ చేయడం మరిచారు. ఎంఆర్‌పీ టెస్ట్ ఫ్రేములు రెండు వేర్వేరు మ్యాక్ అడ్రసుల నుంచి వస్తుంటే రెండు మేనేజర్లు ఉన్నట్టు అనుమానించి, ఆ మ్యాక్‌లు ఏ స్విచ్‌లవో చూడండి.

## నడుస్తున్న ప్లాంట్‌లో

స్విచ్ లైట్లన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటున్నాయి, ఏ పేజీ ఓపెన్ కావట్లేదు. ఏం చేయాలి?

అది స్టార్మ్. లాప్‌టాప్ తీయకండి, రింగ్ కేబుల్ ఏదైనా ఒకటి పీకండి. కొన్ని క్షణాల్లో లైట్లు శాంతిస్తే లూపే కారణం. అలాగే గీతలా నడవనివ్వండి, ప్లాంట్ నడుస్తుంది. తీరిగ్గా వెతకండి: ఈ మధ్య ఏ స్విచ్ మార్చారు, ఎవరు ఖాళీ పోర్టులో ఏ వైరు గుచ్చారు.

రింగ్ తెగినా ప్లాంట్ నడుస్తూనే ఉంటుంది కదా, మరి తెగిందని మాకెలా తెలియాలి?

మీరు ఏర్పాటు చేసుకుంటేనే తెలుస్తుంది. చాలా ఇండస్ట్రియల్ స్విచ్‌లలో ఫాల్ట్ రిలే కాంటాక్ట్ ఉంటుంది. మేనేజర్‌లో "రింగ్ రిడండెన్సీ పోయింది" అన్నదాన్ని ఆ రిలేకు కేటాయించి, రెండు వైర్లు పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు తీసుకురండి. స్కాడా స్క్రీన్ మీద తెలుగులోనే రాయండి: "నెట్‌వర్క్ రింగ్ తెగింది, ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి". ఇంగ్లిష్‌లో రాస్తే షిఫ్ట్ ఆపరేటర్ అక్నాలెడ్జ్ కొట్టి ముందుకు పోతాడు. మీరు ఆర్‌ఎస్‌టీపీ వాడుతుంటే "రింగ్" అన్న ఊహే దానికి లేదు కాబట్టి అలాంటి ఒక్క సిగ్నల్ దొరకదు. ప్రతి రింగ్ పోర్టు లింక్ స్థితినీ ఎస్‌ఎన్‌ఎంపీతో విడిగా చూడాలి.

మేనేజర్ స్విచ్ కాలిపోయింది, కొత్తది పెట్టగానే మొత్తం ఆగిపోయింది. ఎందుకు?

కాలిపోయిన మేనేజర్ దానంతట అదే ఒక తెగిన చోటు. రింగ్ గీతగా మారి, దానికి తగిలించిన మిషన్లు తప్ప మిగతావి నడుస్తుంటాయి. కొత్త స్విచ్ పెట్టెలోంచి తీసి రెండు రింగ్ కేబుళ్లూ గుచ్చారనుకోండి, దానికి తను మేనేజర్ అని తెలియదు. రింగ్ పూర్తయింది, మూసే పోర్టు ఎక్కడా లేదు, లూప్.

కొత్త స్విచ్‌కు ముందు ఒక్క రింగ్ కేబులే పెట్టండి. బ్యాకప్ ఫైల్ ఎక్కించి, మేనేజర్ పాత్ర కనిపించాక, సేవ్ అయ్యాక రెండోది పెట్టండి. మేనేజర్ కన్ఫిగరేషన్ ఉన్న మెమరీ ప్లగ్ గానీ ఎస్‌డీ కార్డు గానీ మీ స్విచ్‌కు వస్తే ప్యానెల్ తలుపు లోపల టేపుతో అతికించి, మీద మార్కర్‌తో స్విచ్ పేరు రాయండి. అర్ధరాత్రి స్విచ్ మార్చేది నైట్ షిఫ్ట్ ఎలక్ట్రీషియన్, మీరు కాదు.